ఫ్రిజ్ లేని గదిలో ఇద్దరికి వారం భోజనం: గుడ్లు, పప్పులు, మీల్‌మేకర్, సీజన్ కూరలతో

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో గది తీసుకుని చదువుకునేవాళ్ళు అడిగేది ఎక్కువగా ఒకటే. నెల మొదట్లో బాగానే వండుకుంటాం, ఇరవయ్యో తారీఖు దాటేసరికి పచ్చడీ మెతుకులే మిగులుతున్నాయి, ఎక్కడ తప్పుతోంది? చాలా గదుల్లో తప్పేది వంట దగ్గర కాదు, కొనే దగ్గర. ఆదివారం సంచీ నిండా కూరగాయలు తెస్తారు. బుధవారానికి సగం వాడిపోతాయి. గురువారం రాత్రి కర్రీ పాయింట్‌కి వెళ్తారు. అక్కడ ఒక్క పూటకి పెట్టిన డబ్బుతో రెండు రోజుల పప్పు వచ్చేది.

ఈ పద్ధతి ఇద్దరున్న గదికి రాసినది. ఒక గ్యాస్ పొయ్యి, 5 లీటర్ల కుక్కర్, అందులో పట్టే రెండు గిన్నెలు, ఒక మూకుడు ఉంటే చాలు. ఫ్రిజ్ లేదనే అనుకుంటున్నాం. పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి వంట. మధ్యాహ్నానికి బాక్స్.

## 1. కూరతో కాదు, ప్రొటీన్‌తో మొదలుపెట్టండి

"ఇవాళ ఏం కూర?" అని ఆలోచిస్తే ఖర్చు పెరుగుతుంది. "ఈ పూట పప్పా, గుడ్డా, మీల్‌మేకరా?" అని ఆలోచించండి. ఆ మూడింటిలో ఒకటి ముందు ఖాయం చేసి, బజారులో ఏది చవగ్గా ఉంటే ఆ కూరగాయ దానికి కలపాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 65 కిలోల మగవాళ్ళకి రోజుకి 54 గ్రాముల ప్రొటీన్ కావాలి, 55 కిలోల ఆడవాళ్ళకి సుమారు 46 గ్రాములు. అన్నం నుంచే కొంత వస్తుంది. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 7 గ్రాములుంటుంది కాబట్టి రెండు పూటలకి 300 గ్రాముల బియ్యం తింటే 21 గ్రాములు వచ్చేసినట్టే. మిగతా 25 నుంచి 33 గ్రాములే మనం వెతుక్కోవలసింది.

అవి ఎక్కడ చవగ్గా దొరుకుతాయో చూద్దాం. ధరలు రోజూ మారతాయి కాబట్టి ఇవి లెక్క కోసం పట్టుకున్నవే. మీ కొట్టు ధర పెట్టి మీరు మళ్ళీ వేసుకోండి.

- మీల్‌మేకర్ విడిగా కిలో 140 అయితే, 10 రూపాయలకి 37 గ్రాముల ప్రొటీన్
- పెసరపప్పు కిలో 120 అయితే, 10 రూపాయలకి 20 గ్రాములు
- కందిపప్పు కిలో 130 అయితే, 10 రూపాయలకి 17 గ్రాములు
- గుడ్డు ఒకటి ఆరున్నర అయితే, 10 రూపాయలకి 9 గ్రాములు

ఇది చూసి వారమంతా మీల్‌మేకరే వండేద్దాం అనుకోకండి. మూడో రోజుకి గదిలో ఎవరూ తినరు, కొందరికి కడుపు ఉబ్బరం కూడా వస్తుంది. మనిషికి పూటకి ఎండువి 30 గ్రాములు, వారానికి నాలుగు పూటలు దాటకుండా పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు. గుడ్డు ఈ జాబితాలో ఖరీదైనదే. కానీ పది నిమిషాల్లో కూర అయిపోతుంది, పరీక్షల రోజుల్లో ఆ పది నిమిషాలకీ విలువ ఉంది.

## 2. కొలత గ్లాసు చేసుకోండి

"గుప్పెడు పప్పు" అన్న లెక్కతోనే కిలో పప్పు వారంలో అయిపోతుంది. కాటా కొననక్కర్లేదు. కొట్టులో పప్పు కొన్నప్పుడు 100 గ్రాములు విడిగా తూయమనండి. గదికి వచ్చి ఆ 100 గ్రాములు ఒక స్టీలు గ్లాసులో పోసి, పప్పు ఎంతవరకు వచ్చిందో అక్కడ మేకుతో గీత గీయండి. అలాగే 300 గ్రాముల బియ్యానికి ఒక గిన్నె, 60 గ్రాముల మీల్‌మేకర్‌కి ఒక గ్లాసు. ఇద్దరికి ఒక పూటకి ఇవే కొలతలు.

కందిపప్పుకీ పెసరపప్పుకీ ఒకే గీత సరిపోతుంది. మీల్‌మేకర్ గుల్లగా ఉంటుంది కాబట్టి దానికి పప్పు గ్లాసు వాడకండి, చాలా తక్కువ పడుతుంది.

గదిలో ఉండవలసినవి:

- మూత బిగుతుగా పట్టే డబ్బాలు నాలుగు (కందిపప్పు, పెసరపప్పు, మీల్‌మేకర్, బియ్యం)
- గుడ్లకి అట్ట ట్రే, నేల మీద నీడపట్టున
- ఉల్లిపాయలకి గాలి ఆడే బుట్ట
- తడి గుడ్డ ఒకటి, ఆకుకూరలు చుట్టడానికి

ఉల్లిపాయల బుట్టలో బంగాళాదుంపలు వేయకండి. రెండూ కలిసి ఉంటే దుంపలు త్వరగా మొలకెత్తుతాయి.

## 3. బజారుకి వారానికి రెండుసార్లే

ఆదివారం పొద్దున్న ఒకసారి, బుధవారం సాయంత్రం ఒకసారి. రెండూ రైతు బజారుకే వెళ్ళండి. లోపలికి వెళ్ళగానే ధరల బోర్డు చూడండి. అందులో అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న నాలుగు కూరగాయలే ఆ విడతకి మీ కూరగాయలు. వంటకం అనుకుని కూరగాయ వెతక్కూడదు.

పొద్దున్నే వెళ్తే ఆకుకూర తాజాగా దొరుకుతుంది. మూసే వేళకి వెళ్తే టమాటా, వంకాయ బేరమాడితే తగ్గుతాయి కానీ వాటిని ఆ రాత్రో మర్నాడో వండేయాలి. అందుకే ఆదివారం పొద్దున్న, బుధవారం సాయంత్రం అన్నది.

ఆదివారం తెచ్చినవాటిని పాడయ్యే వరసలో వాడండి. ఆకుకూర ఆదివారం, సోమవారం. బీర, వంకాయ, చిక్కుడు మంగళ, బుధ. ఆనపకాయ, దోసకాయ, గుమ్మడి, కంద గట్టివి కాబట్టి ఎప్పుడైనా. ఈ వరస తప్పితేనే తోటకూర గురువారం చెత్తబుట్టలోకి పోతుంది.

కోసిన ఆనపకాయ ముక్క మాత్రం గదిలో నిలవదు. అందుకని చిన్న కాయ చూసుకోండి. గోరు గుచ్చితే సులువుగా దిగితే లేతది. వండే ముందు కాయ కొస కోసి చిన్న ముక్క నోట్లో వేసుకోవాలి, చేదుగా ఉంటే ఆ కాయ వండకూడదు, పారేయాలి.

సీజన్ సంగతి క్లుప్తంగా. చలికాలంలో చిక్కుడు, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, టమాటా చవక. ఎండలు ముదిరితే ఆనప, దోస, బీర, ములక్కాడ, పచ్చిమామిడి. వానల్లో తోటకూర, గోంగూర, బెండ, కాకర. వానాకాలం మొదట్లో టమాటా ధర పైకి పోతుంటుంది. ఆ రోజుల్లో టమాటా పేరెత్తకుండా పులుపు చింతపండుతోనో, దొరికితే చింతచిగురుతోనో, మామిడితోనో నడపండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త వినిపించిందంటే ఆకుకూరల మీద ఆశ వదిలి, దుంపలూ దోసకాయలూ ముందురోజే తెచ్చిపెట్టుకోవాలి.

## 4. ఒక వారం పట్టిక

చలికాలం వెళ్ళి ఎండలు మొదలయ్యే రోజుల్లో వేసుకున్న పట్టిక ఇది. మధ్యాహ్నం బాక్స్‌లోకి ఎక్కువగా పప్పు, రాత్రికి గుడ్డు లేదా మీల్‌మేకర్. ఎందుకంటే గుడ్డు కూర ఐదు గంటలు మూసిన బాక్స్‌లో ఉంటే వాసన వస్తుంది, ఎండాకాలం పాడవుతుంది కూడా.

- ఆదివారం: మధ్యాహ్నం గోంగూర పప్పు (కంది 100 గ్రా.), రాత్రి గుడ్డు పొరటు (4)
- సోమవారం: మధ్యాహ్నం తోటకూర పప్పు (పెసర 100 గ్రా.), రాత్రి మీల్‌మేకర్ టమాటా కూర (60 గ్రా.)
- మంగళవారం: మధ్యాహ్నం బీరకాయ పెసరపప్పు కూర (పెసర 100 గ్రా.), రాత్రి వంకాయ గుడ్డు పులుసు (4)
- బుధవారం: మధ్యాహ్నం ఆనపకాయ పప్పు (కంది 100 గ్రా.), రాత్రి చిక్కుడు మీల్‌మేకర్ (60 గ్రా.)
- గురువారం: మధ్యాహ్నం మీల్‌మేకర్ అన్నం (60 గ్రా.), రాత్రి బీరకాయ గుడ్డు పొరటు (4)
- శుక్రవారం: మధ్యాహ్నం దోసకాయ పప్పు (కంది 100 గ్రా.), రాత్రి టమాటా గుడ్డు కూర (4)
- శనివారం: మధ్యాహ్నం ములక్కాడ పప్పుచారు (కంది 80 గ్రా.), రాత్రి మీల్‌మేకర్ వేపుడు (60 గ్రా.)

సోమ, బుధవారాల్లో పొద్దున్న మనిషికొక ఉడికించిన గుడ్డు. మిగతా రోజుల్లో టిఫిన్‌కి ఉప్మా, అటుకులు, చద్దన్నం, ఇంటి నుంచి చోడి పిండి వస్తే జావ.

శనివారం గుడ్డు పెట్టలేదు, గమనించే ఉంటారు. ఇద్దరిలో ఒకరు శనివారం గుడ్డు ముట్టకపోవడం మన వైపు మామూలే. మంగళవారం కూడా తినని రూమ్మేట్ ఉంటే మంగళ, బుధవారాల రాత్రి కూరలు అటూ ఇటూ మార్చేయండి, సరుకు లెక్క మారదు. కార్తీకమాసం మొత్తం మానేసేవాళ్ళుంటే ఒక్కొక్క గుడ్డు పూటకి 100 గ్రాముల పప్పు అదనంగా కొనుక్కోవాలి.

సోమవారం లెక్క చూద్దాం, మనిషికి. అన్నం నుంచి 21, పెసరపప్పు నుంచి 12, మీల్‌మేకర్ నుంచి 15, గుడ్డు నుంచి 6. మొత్తం 54. సరిగ్గా సరిపోయింది. శుక్రవారం మాత్రం అన్నం 21, కందిపప్పు 11, రెండు గుడ్లు 12 కలిపితే 44 దగ్గరే ఆగుతుంది. టిఫిన్ నుంచి నాలుగైదు వస్తాయి. మిగతాది పూడ్చడానికి ఆ సాయంత్రం మనిషికి 25 గ్రాముల వేరుశనగ పలుకులు, వేయించో ఉడకబెట్టో. ఇంకో 6 వస్తాయి. ప్రతిరోజూ ఇలా కూడిక వేయనక్కర్లేదు. మీల్‌మేకర్ లేని రోజున చిరుతిండి వేరుశనగ అని గుర్తుంటే చాలు.

## 5. పొద్దున్న వంట: బుధవారం ఆనపకాయ పప్పు

గంటన్నరలో పని అయిపోవాలి, అందులో పొయ్యి వెలిగేది ముప్పావుగంటే.

6:30. కందిపప్పు 100 గ్రాములు కడిగి వేడినీళ్ళలో నానబెట్టండి. బియ్యం 300 గ్రాములు కడిగి విడిగా నానబెట్టండి. ఈ ఇరవై నిమిషాల నానుడు రెండు మూడు విజిళ్ళ గ్యాస్ మిగుల్చుతుంది. ఈలోగా ఆనపకాయ పావుకిలో, ఒక ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిరపకాయలు కోసుకోండి.

6:50. కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్ళు. కింది గిన్నెలో పప్పు, దానికి మూడింతల నీళ్ళు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె. నూనె వేస్తే నురగ పొంగి విజిల్‌లోకి రాదు. ఆనపకాయ, పచ్చిమిర్చి, ఉల్లి ముక్కలు అందులోనే. పై గిన్నెలో బియ్యం. పాత బియ్యమైతే రెండింతల నీళ్ళు, కొత్త బియ్యమైతే కొంచెం తగ్గించాలి. ఉప్పూ చింతపండూ ఇప్పుడు వేయొద్దు.

నాలుగు విజిళ్ళు వచ్చాక సిమ్‌లో ఐదు నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆవిరి దానంతట అదే పోవాలి. తొందరపడి విజిల్ ఎత్తేస్తే పప్పు గిన్నె పొంగి కిందకి కారుతుంది.

7:25. పప్పు తీసి గరిటెతో మెదపండి. నిమ్మకాయంత చింతపండు కాదు, ఉసిరికాయంత చాలు. దాని రసం, ఉప్పు వేసి మూకుడులో ఐదు నిమిషాలు ఉడికించి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టండి. బాక్స్‌లోకి కాబట్టి గట్టిగానే దించండి.

7:45. బాక్స్‌లో సర్దాక పది, పదిహేను నిమిషాలు మూత తీసే ఉంచండి. పొగలు కక్కుతుండగా మూత పెడితే ఆ నీరంతా లోపలే కారి, మధ్యాహ్నానికి అన్నం చెమర్చి వాసన వేస్తుంది. ఎండాకాలం బాక్స్ కూరల్లో కొబ్బరి వేయకపోవడం కూడా ఇందుకే.

పులుపు ఎప్పుడు వేయాలన్నది ఇంతగా చెప్పడానికి కారణముంది. చింతపండు, గోంగూర, మామిడి, టమాటా ఏదైనా పులుపు ముందే పడితే పప్పు గింజ మెత్తబడదు. గోంగూర పప్పు పలుకుగా ఉందని కొట్టువాణ్ణి తిడతారు, కానీ గోంగూర పప్పుతో పాటే కుక్కర్లో వేశారు. గోంగూరని విడిగా మగ్గబెట్టి, ఉడికిన పప్పులో కలపాలి. తోటకూరకి ఆ గొడవ లేదు, కుక్కర్లోనే వేసుకోవచ్చు.

బోరు నీళ్ళు ఉప్పగా ఉండే పేటల్లో పాత పప్పు ఎన్ని విజిళ్ళకీ ఉడకదు. అలాంటప్పుడు వేడినీళ్ళలో గంట నానబెట్టి, తాగే నీళ్ళతో ఉడికించండి. పెసరపప్పు మాత్రం ఎలాంటి నీళ్ళలోనైనా త్వరగా మెత్తబడుతుంది, ఆలస్యంగా లేచిన రోజుకి అదే మేలు.

## 6. మీల్‌మేకర్ వాసన లేకుండా

మీల్‌మేకర్ నచ్చదనేవాళ్ళలో చాలామంది సరిగ్గా పిండని మీల్‌మేకర్ తిన్నవాళ్ళే. సోమవారం రాత్రి కూర ఇలా వండండి.

లీటరు నీళ్ళు మరగనివ్వండి, అర చెంచా ఉప్పు వేయండి. నీళ్ళు తెర్లేటప్పుడే 60 గ్రాముల మీల్‌మేకర్ వేసి ఐదు నిమిషాలు ఉడికించి, పొయ్యి ఆపి పది నిమిషాలు మూత పెట్టండి. నీళ్ళు పసుపుపచ్చగా, నురగగా అవుతాయి. ఆ నీళ్ళు వంచేసి చన్నీళ్ళు పోసి, గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. మళ్ళీ చన్నీళ్ళు, మళ్ళీ పిండడం. రెండోసారి పిండితే వచ్చే నీళ్ళు దాదాపు తేటగా ఉండాలి. ఇంకా తెల్లగా వస్తుంటే మూడోసారి. పచ్చిగింజ వాసన ఆ నీళ్ళతోనే పోతుంది.

పిండిన ముక్క స్పాంజిలా అయిపోతుంది, ఏది తగిలితే అది పీల్చుకుంటుంది. నేరుగా పులుసులో వేస్తే నీళ్ళు పీల్చి చప్పగా ఉంటుంది. అందుకని పెద్ద ముక్కలైతే రెండుగా కోసి, ముందు చెంచాన్నర నూనెలో మూడు నాలుగు నిమిషాలు అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. ఆ వేడి మీదే ఉప్పు, కారం, పసుపు, కాస్త ధనియాల పొడి చల్లి తీసి పక్కన పెట్టుకోండి.

అదే మూకుడులో ఇంకో చెంచా నూనె. రెండు ఉల్లిపాయల తరుగు ఎర్రగా వేగాక అల్లం వెల్లుల్లి ముద్ద అర చెంచా, మూడు టమాటాల తరుగు. టమాటా గుజ్జయి నూనె పైకి తేలాక మీల్‌మేకర్ వేసి, అర గ్లాసు వేడినీళ్ళు పోసి, ఎనిమిది నిమిషాలు మూత పెట్టండి. ముక్క విరిచి చూస్తే లోపల కూడా ఎర్రగా ఉండాలి. తెల్లగా ఉంటే కారం లోపలికి వెళ్ళనట్టు, ఇంకో మూడు నిమిషాలు.

శనివారం వేపుడికి ఉత్తరాంధ్ర పద్ధతి ఒకటి బాగా కుదురుతుంది, ఆవ పెట్టడం. చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి కాస్త నీళ్ళతో నూరి, మీల్‌మేకర్ వేగి పొయ్యి ఆపేశాక, సెగ కాస్త తగ్గాక కలపాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే ఆవ చేదెక్కుతుంది. ఆ ఘాటు ముందు మీల్‌మేకర్ వాసన నిలవదు.

కొనేటప్పుడు పది రూపాయల పొట్లాల్లో ఎన్ని గ్రాములున్నాయో చదవండి, 100 గ్రాములకి ఎంత పడుతోందో లెక్కేయండి. విడిగా అమ్మేదైతే ఒక ముక్క వాసన చూడండి. పాత నూనె వాసన వస్తే వద్దు.

## 7. గుడ్లు

ట్రేగా కొంటే విడి ధర కన్నా తగ్గుతుంది. వారానికి 20 వాడుతున్నారు కాబట్టి 30 గుడ్ల ట్రే పది రోజులు వస్తుంది. చలికాలం ఇది పరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలో పది రోజులు ఉంచకండి, పది పన్నెండేసి తెచ్చుకోండి. చలికాలంలో గుడ్డు ధర పెరుగుతుంటుంది, అప్పుడు పొద్దుటి ఉడికించిన గుడ్డు బదులు వేరుశనగ.

తెచ్చిన గుడ్లు కడిగి పెట్టకండి. పెంకు మీద ఉండే సన్నటి పొర పోతే త్వరగా పాడవుతాయి. వండే ముందు కడగండి. అనుమానమున్న గుడ్డు నీళ్ళలో వేయండి. అడుగున పడుకుంటే తాజా, నిలబడితే పాతది కానీ పూర్తిగా ఉడికించి తినొచ్చు, తేలితే పారేయండి. ప్రతి గుడ్డూ విడి గిన్నెలో కొట్టి చూశాకే మూకుడులో వేయండి. ఒక్క చెడ్డ గుడ్డు పడితే పూట కూరంతా పోతుంది.

నాలుగు గుడ్లు ఇద్దరికి కూర కాదు, కూరగాయ తోడైతేనే కూర. గురువారం బీరకాయ పొరటులో పావుకిలో బీరకాయ వేస్తున్నాం. బీరకాయ ఉప్పు తగలగానే నీళ్ళు వదులుతుంది. ఆ నీళ్ళు పూర్తిగా ఇగిరి, మూకుడు అడుగు చిటచిటలాడాకే గుడ్లు కొట్టండి. నీళ్ళుండగా కొడితే గుడ్డు ముక్కలుగా కాకుండా పిండి కలిపినట్టు బూడిద రంగులో తేలుతుంది. అలా అయిపోతే కలపడం మానేసి, పెద్ద మంట మీద నాలుగు నిమిషాలు ఇగరబెట్టి, మిరియాల పొడి వేయండి. అందంగా ఉండదు గానీ తినొచ్చు.

## 8. ఖర్చు

పైన పట్టుకున్న ధరలతో ఇద్దరికి వారానికి:

- కందిపప్పు 380 గ్రా.: 49
- పెసరపప్పు 200 గ్రా.: 24
- మీల్‌మేకర్ 240 గ్రా.: 34
- గుడ్లు 20: 130
- కూరగాయలు, రెండుసార్లకి: 200
- ఉల్లి, టమాటా: 60
- బియ్యం 4.2 కిలోలు, కిలో 50 చొప్పున: 210
- నూనె 400 మి.లీ.: 56
- చింతపండు, కారం, పోపు సామాను: 40
- రవ్వ, అటుకులు, వేరుశనగ: 90
- పెరుగు: 70

మొత్తం 963. మనిషికి రోజుకి 69 రూపాయలు. బియ్యం ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్ళకి 54 పడుతుంది. గ్యాస్ ఇందులో లేదు.

పట్టిక చూస్తే తెలుస్తుంది, పప్పులూ మీల్‌మేకరూ కలిపి 107 రూపాయలే. కూరగాయలకి దానికి రెట్టింపు. కాబట్టి డబ్బు తగ్గించాలంటే పప్పు కొలత తగ్గించడం తెలివితక్కువ పని. ధరల బోర్డులో తక్కువ ధర ఉన్న కూరలు ఎంచుకోవడం దగ్గరే మిగులు.

## 9. మిగిలితే, తప్పితే

అన్నం మిగిలితే. రాత్రంతా గిన్నెలో అలాగే వదిలేసి పొద్దున్న వేపుకోవడం మంచిది కాదు. ఆరని అన్నంలో కొన్ని సూక్ష్మక్రిములు విడిచే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వండాక గంట రెండు గంటల్లోపే అన్నం పలచగా పరిచి చల్లార్చి, మునిగేలా తాగే నీళ్ళు పోసి, చెంచా మజ్జిగ కలిపి మూత పెట్టండి. పొద్దున్న ఉల్లిపాయ, ఉప్పు, పచ్చిమిర్చితో చద్దన్నం. జిగురుగా తీగ సాగితే పారేయాలి.

గుడ్డు, మీల్‌మేకర్ కూరలు మర్నాటికి ఉంచకండి. పప్పు మిగిలితే రాత్రే నీళ్ళు, చింతపండు పోసి మరగబెట్టి చారు చేసి తినేయండి.

పులుపు వేశాక పప్పు పలుకని తెలిస్తే వేడినీళ్ళు పోసి చిటికెడు వంటసోడాతో ఇంకో మూడు విజిళ్ళు. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, అందుకే చిటికెడు.

ఉప్పెక్కువైతే పప్పులో అయితే ఉడికించిన ఆనపకాయ ముక్కలు కలపండి. మీల్‌మేకర్ కూరలో అయితే ఇంకో గుప్పెడు పిండిన మీల్‌మేకర్ వేయండి, అదే పీల్చుకుంటుంది.

పప్పు డబ్బాలో పురుగు కనిపిస్తే పలచగా ఎండలో ఆరబోసి, జల్లెడ పట్టి, నాలుగు ఎండుమిరపకాయలు వేసి దాచండి. తడి గరిటె ముంచితే మళ్ళీ వస్తాయి.

## 10. నెలాఖరు మూడు రోజులు

ఇది ముందే తీసిపెట్టుకోవాలి, ఆఖరున వెతికితే దొరకదు. ఒకటో తారీఖున సరుకు కొన్నప్పుడే ఒక డబ్బాలో కందిపప్పు 200 గ్రాములు, పెసరపప్పు 100, మీల్‌మేకర్ 180, ఉలవలు పావుకిలో, చింతపండు కొంచెం వేసి టేపు అంటించేయండి. 28 వరకు తెరవకూడదు.

మొదటి రోజు మధ్యాహ్నం పప్పుచారు, రాత్రి ఉల్లిపాయలతో మీల్‌మేకర్ వేపుడు. రెండో రోజు పెసరకట్టు, రాత్రి మీల్‌మేకర్ పులుసు. మూడో రోజు మధ్యాహ్నం ముద్దపప్పు, పచ్చడి, రాత్రి మీల్‌మేకర్ అన్నం.

ఉలవలు రెండో రోజు రాత్రే నానబెట్టండి. పొద్దున్న మునిగిన తరువాత రెండంగుళాల పైకి నీళ్ళు పోసి ఎనిమిది విజిళ్ళు. కట్టు వంచి చింతపండు, ఉప్పు, బెల్లం చిన్న ముక్క వేసి చారు కాయండి, అది మూడో రోజు రెండు పూటలకీ వస్తుంది. ఉడికిన గింజలు పారేయకండి. ఉల్లిపాయ, కారం, పోపుతో గుగ్గిళ్ళు చేసుకుంటే ఆ పొద్దున్న టిఫిన్ అయిపోతుంది.